రుణాల పోలిక ప్రాజెక్టుకు వైవా ఎలా నిర్వహించాలి: అధ్యాపకులకు ఒక క్రమం

డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి ఒకరు చక్రవడ్డీ సూత్రంతో ఎక్సెల్‌లో ఒక మోడల్ తయారు చేసి, మూడు రుణాలను పోల్చి, "కాబట్టి బ్యాంకు రుణమే మేలు" అని చెప్పి కూర్చున్నారనుకోండి. ఇప్పుడు మీ చేతిలో పది పన్నెండు నిమిషాలు ఉంటాయి. చక్రవడ్డీకి నిర్వచనం చెప్పమని అడిగితే కంఠస్థం చేసినది అప్పజెబుతారు. సూత్రం రాయమంటే రాస్తారు. ఆ రెండింటి వల్లా మీకు తెలిసేది చాలా తక్కువ. విద్యార్థి కట్టిన లెక్కలోనే ఒక అంకెను కదిపి, దాని ఫలితం ఎటు వెళుతుందో ముందుగా చెప్పమని అడగడమే ఈ వైవాకు సరైన పద్ధతి. ఆ పని ఏ క్రమంలో చేయాలో, ఏ జవాబు ఏమి తెలియజేస్తుందో ఒక్క ఉదాహరణతో వివరిస్తాను.

ఆ ఉదాహరణ ఇది. అవసరం 3,00,000 రూపాయలు, గడువు 36 నెలలు. మొదటిది బ్యాంకు రుణం. ఏడాదికి 12 శాతం వడ్డీని ప్రతి నెలా మిగిలిన బకాయిపై లెక్కిస్తారు; 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 7,080 రూపాయలను రుణం ఇచ్చేటప్పుడే మినహాయించుకుంటారు. రెండవది ఒక ఫైనాన్స్ సంస్థ ఇస్తానన్న రుణం, 7.5 శాతం ఫ్లాట్ వడ్డీ, ఫీజు లేదు. మూడవది ఊళ్లో తెలిసినవారి దగ్గర ప్రామిసరీ నోటు రాసి తెచ్చుకునే అప్పు; నూటికి నెలకు రూపాయి వడ్డీ, వడ్డీ నెలనెలా కట్టాలి, అసలు మూడేళ్ల చివర ఒకేసారి తీర్చాలి. విద్యార్థి మొత్తం చెల్లింపులను కూడి, బ్యాంకుకు ఫీజుతో కలిపి 3,65,795, ఫైనాన్స్ సంస్థకు 3,67,500, ఊరి అప్పుకు 4,08,000 అని చూపించి, ఆ వరుసలోనే ర్యాంకులు ఇచ్చారు.

ముందు రోజు చేయవలసిన పని

ప్రాజెక్టు పుస్తకం చాలదు, ఎక్సెల్ ఫైలు కూడా తెప్పించుకోండి. గడులలో సూత్రాలు ఉన్నాయా, లేక ఎక్కడినుంచో తెచ్చిన అంకెలను నేరుగా టైపు చేశారా అన్నది ఫైలు తెరిస్తేనే తెలుస్తుంది. బ్యాంకు రుణానికి మొదటి మూడు నెలల పట్టికను మీరే కాగితం మీద వేసుకోండి. నెల వాయిదా 9,964.29. మొదటి నెల వడ్డీ 3,000, అసలుకు జమ 6,964.29, బకాయి 2,93,035.71, రెండవ నెల వడ్డీ 2,930.36. ఈ ఐదు అంకెలు మీ ముందు ఉంటే వైవాలో సగం పని అయినట్టే.

తరువాత మోడల్‌కు ఒక బయటి పరీక్ష పెట్టండి. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ రుణాలకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఏపీఆర్, అంటే ఫీజులన్నీ కలుపుకున్న వార్షిక రేటు, అందులో కనిపించాలి. ఆ ఆదేశానికి జతచేసిన నమూనా లెక్కలో 20,000 రూపాయల రుణం, 24 నెలలు, 15 శాతం వడ్డీ, 400 రూపాయల ఫీజులు ఉంటాయి, ఏపీఆర్ 17.07 శాతంగా చూపారు. విద్యార్థి మోడల్‌లో ఈ నాలుగు అంకెలు వేసి చూడండి. 17.07 వస్తే మోడల్ లెక్క నమ్మదగినదే. 17.10 వస్తే తప్పు అనుకోవద్దు: వాయిదాను 969.73 దగ్గర ఉంచకుండా 970కి సవరించి లెక్కిస్తే ఆ 0.03 శాతం తేడా వస్తుంది, ఆ తేడా ఎక్కడిదని వైవాలో అడగడం కూడా మంచి ప్రశ్నే. 15 వస్తే మాత్రం మోడల్ ఫీజును పట్టించుకోవడం లేదని అర్థం.

మొదటి ప్రశ్న: రెండవ నెలలో వడ్డీ ఎంత మొత్తం మీద పడుతుంది?

ఈ ఒక్క ప్రశ్నతోనే మొదలుపెట్టండి. స్లైడు చూడకుండా, కాగితం మీద చెప్పమనండి. "2,93,036 మీద, ఎందుకంటే మొదటి వాయిదాలో 3,000 వడ్డీకి పోయి, మిగిలినది అసలులో తగ్గింది" అని వస్తే ముందుకు వెళ్లవచ్చు. "3,03,000 మీద" అని వస్తే, విద్యార్థి డిపాజిట్‌కు వాడే చక్రవడ్డీ సూత్రాన్ని వాయిదాల రుణానికి తగిలించారని అర్థం చేసుకోండి. ఇది మనం తరచుగా చూసే పొరపాటే. అసలును 36 నెలలు పెంచితే 4,29,231 అవుతుంది, దాన్ని 36తో భాగిస్తే నెలకు 11,923 వస్తుంది. చూడడానికి నిజమైన వాయిదాలాగే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. నా తొలి ఏళ్లలో ఒక ప్రాజెక్టులో సరిగ్గా ఇలాంటి అంకెను నేనే ఒప్పుకుని సంతకం పెట్టాను. బ్యాంకు పాస్‌బుక్కుతో సరిపోల్చి చూడమని మరుసటి ఏడాది మరో విద్యార్థి అడిగేదాకా నాకు తట్టలేదు.

తప్పు జవాబు వచ్చినప్పుడు అక్కడే ఆపి, సరైన సూత్రం బోర్డు మీద రాయకండి. "అయితే మొదటి నెల కట్టిన డబ్బు ఏమైంది?" అని మాత్రం అడిగి ఒక నిమిషం ఆగండి. చాలామంది అక్కడే సర్దుకుంటారు. సర్దుకున్నవారిని ఇంకొక మెట్టు ఎక్కించవచ్చు. అలాగైతే 4,29,231 అనే అంకెకు ఈ రుణంలో చోటే లేదా అని అడగండి. చోటు ఉంది: కట్టిన ఒక్కొక్క వాయిదాను కూడా అది కట్టిన నెల నుంచి 36వ నెల వరకు నెలకు 1 శాతం చొప్పున పెంచి కూడితే సరిగ్గా 4,29,231 వస్తుంది. అప్పు ఒక వైపు, వాయిదాలు మరొక వైపు ఒకే రేటుతో పెరిగి, చివరి నెలలో కలుసుకునేలా చేసే మొత్తమే నెల వాయిదా. ఈ మాట తన మాటల్లో చెప్పగలిగిన విద్యార్థికి సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. ఆ భాగం మీద మరి ప్రశ్నలు అక్కరలేదు.

రెండవ ప్రశ్న: 7.5 శాతం ఎందుకు 7.5 కాదు?

ఫైనాన్స్ సంస్థ రుణానికి వడ్డీ 3,00,000 మీద మూడేళ్లకు 67,500. వాయిదా 10,208.33. దీన్ని తగ్గే బకాయి లెక్కలోకి మారిస్తే ఏడాదికి దాదాపు 13.7 శాతం అవుతుంది. విద్యార్థి ఈ అంకెను స్లైడులో చూపించి ఉండవచ్చు, కానీ ఎందుకు అంతగా పెరిగిందో చెప్పగలగాలి. మీరు వినవలసిన జవాబు ఇంతే: మూడేళ్లూ పూర్తి మూడు లక్షలకూ వడ్డీ కడుతున్నాము, కానీ మన చేతిలో ఉన్న అప్పు నెలనెలా తగ్గుతూ సగటున 1,64,000 రూపాయల దగ్గర మాత్రమే ఉంది. "ఫ్లాట్ రేటును రెట్టింపు చేస్తే అసలు రేటు వస్తుంది" అని ఎవరైనా చెబితే అది అంచనాకు పనికివస్తుంది తప్ప లెక్క కాదు. ఇక్కడ రెట్టింపు 15, నిజం 13.7. గడువు 36 నెలల బదులు 12 నెలలైతే ఆ గుణకం మారుతుందా అని అడిగితే, కంఠస్థం చేసినవారు తడబడతారు, అర్థమైనవారు ఎక్సెల్‌లో గడువు గడిని మార్చి చూపిస్తామంటారు. వారిని మార్చనివ్వండి.

మూడవ ప్రశ్న: ఫీజు మోడల్‌లో ఎక్కడ ఉంది?

ఇక్కడ విద్యార్థి ఫైలును తెర మీద తెరిపించండి. ఫీజును ఖర్చుగా చివర్లో కూడటం ఒక పద్ధతి, చేతికి వచ్చే మొత్తం నుంచి తీసేయడం మరొకటి. మొదటి పద్ధతిలో 7,080 మూడేళ్ల తరువాత కట్టినా, మొదటి రోజునే కట్టినా ఒకటే అవుతుంది. కాలానికి విలువ ఇవ్వడమే పనిగా పెట్టుకున్న మోడల్‌లో అది అంతర్గత వైరుధ్యం. రెండవ పద్ధతిలో చేతికి వచ్చినది 2,92,920 అని పెట్టి రేటును వెతకాలి.

```
=PMT(12%/12, 36, -300000)
=RATE(36, -9964.29, 292920)*12
=RATE(36, -10208.33, 300000)*12
```

మొదటిది వాయిదా ఇస్తుంది. రెండవది బ్యాంకుకు 13.67 శాతం, మూడవది ఫైనాన్స్ సంస్థకు 13.69 శాతం ఇస్తాయి. వాయిదా ముందున్న మైనస్ గుర్తును తీసేస్తే ఏమవుతుందని అడగండి, #NUM! అని వస్తుంది, ఎందుకంటే డబ్బు రావడమే తప్ప పోవడం లేని రుణానికి రేటు ఉండదు. ఈ చిన్న ప్రశ్న ఎందుకంటే, ఫైలు తానే కట్టినవారికి ఆ తప్పు ఒకసారైనా ఎదురై ఉంటుంది. వేరేవారి ఫైలు తెచ్చుకున్నవారు ఆ గుర్తును గమనించి ఉండకపోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి రండి. బ్యాంకు మొత్తం 1,705 రూపాయలు చౌక అని విద్యార్థి చెప్పారు, కానీ రెండు రేట్లూ దాదాపు ఒకటే. ఇదెలా సాధ్యమని అడగండి. సరైన జవాబు: బ్యాంకు చేతికిచ్చింది మూడు లక్షలు కాదు, 7,080 తక్కువ. చేతికి పూర్తిగా మూడు లక్షలు రావాలంటే 3,07,251 రూపాయల రుణం తీసుకోవాలి, అప్పుడు వాయిదా 10,205 అవుతుంది; ఫైనాన్స్ సంస్థ వాయిదాకూ దీనికీ తేడా నెలకు మూడు రూపాయలు. 12 శాతం ప్రకటన, 7.5 శాతం ప్రకటన పక్కపక్కన చూసినవారెవరూ ఈ రెండూ ఒకే ధర అని ఊహించలేరు. విద్యార్థి ఈ సంగతిని తానే బయటపెట్టగలిగితే మోడల్ తన పని చేసినట్టు లెక్క.

నాలుగవ ప్రశ్న: ఊరి అప్పు నిజంగా అన్నిటికంటే ఖరీదా?

మీకున్న సమయంలో ఎక్కువ భాగం ఇక్కడ పెట్టండి. పట్టికలో 4,08,000 అని అన్నిటికంటే పెద్ద అంకె ఉంది. అయినా నెలకు 3,000 కట్టి చివర అసలు తీర్చే ఆ అప్పు రేటు సరిగ్గా 12 శాతం, మిగిలిన రెండింటికంటే తక్కువ. ముందు ఈ రెండు అంకెలనూ విద్యార్థి ముందు పెట్టి, ఏది నమ్మాలో అడగండి. "మొత్తం ఎక్కువ కట్టాలి కాబట్టి ఖరీదే" అంటే, ఆ అప్పులో మూడు లక్షలూ మూడేళ్ల పాటు అలాగే చేతిలో ఉంటాయన్న సంగతి వారి దృష్టికి రాలేదు. "రేటు తక్కువ కాబట్టి చౌకే" అంటే సగం దూరం వచ్చారు. ఇద్దరినీ కదిలించే ప్రశ్న ఒకటి ఉంది: బ్యాంకు వాయిదాతో పోలిస్తే ఇక్కడ నెలకు 6,964 రూపాయలు తక్కువ కడుతున్నారు కదా, ఆ డబ్బు ఎక్కడికి వెళుతుంది?

ఒక విద్యార్థిని ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. మోడల్‌లో ఊరి అప్పును చేర్చింది ఆమె ఇంట్లో నిజంగా ఉన్న నోటును చూసే. "మా నాన్నగారు ఆ మిగులును ఎక్కడా దాచలేదు సార్, ఎరువులకు పోయింది. మూడేళ్లకు అసలు కట్టలేక నోటు తిరగరాశారు" అంది. ఆ మాటలో లెక్క మొత్తం ఉంది. దాన్ని అంకెల్లోకి దించమని అడిగాను, పది నిమిషాల్లో చేసింది.

ఆమె చేసిన లెక్క మీకు కూడా పనికివస్తుంది. ఆ 6,964.29ని ఊరికే డబ్బాలో వేస్తూ పోతే 36 నెలలకు 2,50,714 అవుతుంది. అసలు తీర్చడానికి ఇంకా 49,286 కావాలి. ఫీజు లేకపోవడం వల్ల మొదట్లో మిగిలిన 7,080ని కూడా కలిపి, అంతటినీ ఏడాదికి 6 శాతం వచ్చే పొదుపులో వేశారనుకుంటే దాదాపు 2,82,400 చేరుతుంది. అప్పటికీ 17,600 లోటు. ఆ పొదుపు మీద ఏడాదికి 9.9 శాతం వస్తేనే మూడు లక్షలు సమకూరుతాయి. అంటే 12 శాతం అప్పు, 13.67 శాతం అప్పు కంటే చౌక అన్నది మిగులు డబ్బును కనీసం 9.9 శాతం చొప్పున పని చేయించగలిగిన వారికే నిజం. చిల్లర దుకాణంలో సరుకు తిప్పుతూ అంతకంటే ఎక్కువ సంపాదించేవారికి ఊరి అప్పు మేలు. నెల జీతంలో మిగిలినది మిగిలినట్టే ఖర్చయ్యేవారికి, వాయిదా రూపంలో బ్యాంకు బలవంతంగా కట్టించుకోవడమే మేలు.

విద్యార్థి నుంచి 9.9 అనే అంకెను ఆశించనక్కరలేదు. "అది మిగులు డబ్బు మీద వచ్చే రాబడిని బట్టి ఉంటుంది, నా మోడల్‌లో దానికి గడి లేదు" అంటే చాలు, ఆ జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వవచ్చు.

నోటు మాట వచ్చింది కనుక ఒక అనుబంధ ప్రశ్న. నెలనెలా వడ్డీ కట్టకుండా, ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తే మూడేళ్లకు ఎంత అవుతుంది? 4,21,478. ఆ మూడు వార్షిక దశల్లో చక్రవడ్డీ సూత్రం నేరుగా, ఏ సవరణా లేకుండా వర్తిస్తుంది. మొత్తం ప్రాజెక్టులో ఆ సూత్రం అచ్చంగా సరిపోయే చోటు ఇదొక్కటే అని విద్యార్థి గుర్తించడం చూడ ముచ్చటగా ఉంటుంది.

ఐదవ ప్రశ్న: ఏడాదికే తీర్చేస్తే?

సమయం ఉంటేనే అడగండి. బ్యాంకు రుణాన్ని 12వ వాయిదా తరువాత మూసేస్తే అప్పటికి బకాయి 2,11,675. ముందుగా మూసినందుకు జరిమానా ఏమీ లేదనుకున్నా, 36 నెలలకు పరచుకోవలసిన ఫీజు 12 నెలల మీదే పడటం వల్ల రేటు 13.67 నుంచి 14.9 శాతానికి పెరుగుతుంది. లెక్క చేయమనకండి, పెరుగుతుందా తగ్గుతుందా, ఎందుకు అని మాత్రమే అడగండి. ఫ్లాట్ రుణానికి ఇదే ప్రశ్న వేస్తే సరైన జవాబు "ఒప్పందంలో మిగిలిన వడ్డీని ఎలా మాఫీ చేస్తారో తెలియకుండా చెప్పలేను" అన్నదే. అక్కడ తడుముకోకుండా ఒక అంకె చెప్పినవారిని, అది ఏ షరతు మీద ఆధారపడిందో అడగండి.

జవాబు రానప్పుడు, మార్కులు వేసేటప్పుడు

మౌనం వచ్చిన ప్రతిసారీ ప్రశ్నను తేలిక చేయకండి, అంకెలను చిన్నవి చేయండి. మూడు లక్షల బదులు 100 రూపాయలు, 36 నెలల బదులు రెండు నెలలు, నెలకు 1 శాతం అనండి. మొదటి నెల చివర 101 అవుతుంది, వాయిదా కట్టాక మిగిలిన దాని మీద మళ్లీ 1 శాతం. ఆ రెండు వరుసలు కాగితం మీద వేయగలిగిన విద్యార్థికి ఆలోచన ఉంది, భయం అడ్డం వచ్చింది. 100 రూపాయలతో కూడా "101 మీదే మళ్లీ వడ్డీ" అని, కట్టిన వాయిదాను మరచిపోతే, అది భయం కాదు.

మోడల్‌లో తప్పు ఉండి, వైవాలో దాన్ని తామే కనిపెట్టి దిద్దుకున్న విద్యార్థికి, మోడల్ సరిగా ఉండి దాన్ని వివరించలేని విద్యార్థి కంటే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. దీనిపై మీ విభాగంలో భిన్నాభిప్రాయం ఉండవచ్చు. అందుకే బయటి పరీక్షకులతో ఈ మాట వైవా మొదలుకాక ముందే తేల్చుకోవాలి. ప్రశ్న జరిగిన వెంటనే, మార్కు వేయడానికి ముందు, మీరు మార్చిన అంకె ఏదో, విద్యార్థి ముందుగా చెప్పిన ఫలితం ఏమిటో, తెర మీద వచ్చినది ఏమిటో మూడు గడులలో రాసుకోండి. "7,080 తీసివేయబడింది, పెరుగుతుందన్నారు, 12 నుంచి 13.67" అన్న ఒక్క వరుస ఉంటే, నెల తరువాత విద్యార్థి వచ్చి మార్కు ఎందుకు తగ్గిందని అడిగినా మీ దగ్గర చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.